పావు గీతా, ఒకటా? కిరాణం చిట్టా లెక్క

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వైపు ఊళ్లల్లో చిన్న కిరాణం దుకాణం నడిపేవాళ్లు సరుకు లెక్కను ఇప్పటికీ ఎక్కువగా కాగితం మీదే రాస్తారు. దీపావళికి కొత్త ఖాతా పుస్తకం తెరిచేటప్పుడు ఒకసారి, మార్చి నెలాఖరులో ఒకసారి, పెళ్లిళ్ల ముందో జాతర ముందో గంజ్‌కు పోయి సరుకు తెచ్చుకునేటప్పుడు మరోసారి రాస్తారు. ఇంటి పెద్ద అరల ముందు నిలబడి చెబుతుంటే కోడలో కొడుకో రాస్తారు, లేదంటే పెద్దాయనే రాసుకుంటాడు. ఇందులో ఈమధ్య వచ్చిన మార్పు ఒక్కటే. ఆ కాగితాన్ని ఇప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి, లెక్కలు చూసే మనిషికి వాట్సాప్‌లో పంపిస్తున్నారు. “పప్పులు ఎన్ని ఉన్నయి, నూనెలు ఎన్ని, సబ్బులు ఎన్ని, అన్నీ వేరువేరుగా కూడి పంపించు” అని దాని కింద ఒక మాట పెడతారు.

వినడానికి ఇది గంటలో అయ్యే పని. లెక్క తప్పేది కూడా ఎక్కువగా ఇక్కడే. కూడిక రాక కాదు, ఫొటోలో ఉన్నది ఏమిటో సరిగ్గా చదవక తప్పుతుంది. ఈరోజు ఆ చదవడం గురించే మాట్లాడతాను.

ఒక చిట్టా ముందు పెట్టుకుందాం. నేను కల్పించినదే, కానీ ఇందులోని ప్రతి పంక్తి లాంటిదీ ఏదో ఒక దుకాణం కాగితంలో కనబడుతుంది. జగిత్యాల నుంచి ధర్మపురి పోయే దారిలో ఒక ఊరి కిరాణం అనుకోండి. చిట్టా రెండు ఫొటోలుగా వచ్చింది. మొదటి ఫొటోలో 18 పంక్తులు, రెండోదాంట్లో 17. లెక్కలు రాసే కుర్రాడు ఏం చేస్తాడంటే, కాగితం మీద పప్పులకు ఒక గడి, నూనెలకు ఒక గడి, సబ్బులకు ఒక గడి గీసుకుని, ఫొటో చూసుకుంటూ ఒక్కో సరుకునూ దాని గడిలో వేస్తూ పోతాడు. పని తొందరగా అయినట్టే ఉంటుంది. మధ్యలో ఫోన్ మోగుతుంది. తిరిగి వచ్చేసరికి శనగపప్పు వేశాడా లేదా గుర్తుండదు. గడుల్లో చూస్తే అంకెలే ఉంటాయి, ఏ అంకె ఏ పంక్తిదో చెప్పే ఆధారం ఉండదు.

అందుకని చదవడాన్నీ విడదీయడాన్నీ ఒకేసారి చేయొద్దు. మొదట చిట్టా మొత్తాన్ని అది ఉన్న వరుసలోనే, ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయాలి. ప్రతి పంక్తికీ ఒక నంబరు వేయాలి. పక్కన సరుకు పేరు, ఆ పక్కన అంకె, ఆ పక్కన అది కిలోనా బస్తానా ప్యాకెట్టా డజనా అన్నది రాయాలి. ఏ రకం సరుకో చెప్పే గడిని ఇప్పుడు ఖాళీగానే వదలాలి. ఎక్సెల్‌లో చేసినా నోటుబుక్కులో చేసినా ఇదే పద్ధతి.

నంబర్లు వేస్తుంటేనే మొదటి సంగతి బయటపడుతుంది. పేజీ పొడుగ్గా ఉన్నప్పుడు రెండు ముక్కలుగా ఫొటో తీస్తారు. ఏదీ పోకూడదని మొదటి ఫొటో అడుగున ఉన్న కొన్ని పంక్తులు రెండో ఫొటో పైభాగంలో కూడా వచ్చేలా తీస్తారు. మంచి అలవాటే. కానీ మన చిట్టాలో అట్లా మూడు పంక్తులు రెండుసార్లు వచ్చాయి. 18, 17 కలిపి 35, అందులో 3 తీస్తే 32. ఇంకో పంక్తిని అడ్డంగా కొట్టేశారు. కొట్టివేత ఎందుకో ఫొటోను బట్టి చెప్పలేం. తప్పు రాసి కొట్టేశాడా, సరుకు అయిపోయిందని కొట్టేశాడా, గంజ్‌లో కొన్నాక “వచ్చేసింది” అన్న గుర్తుగా గీశాడా? దుకాణం మనిషిని అడిగితే తప్పు రాశానన్నాడు. మిగిలినవి 31 పంక్తులు. ఈ 31ని ఒక మూల రాసి పెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంటుంది.

ఇదే చిట్టాలో కందిపప్పు కూడా రెండుసార్లు ఉంది, ఒకటి మొదటి ఫొటోలో, ఒకటి రెండో ఫొటో నడుమ. ఇది కూడా రెండుసార్లు పడిందే అనుకుని ఒకటి కొట్టేస్తే తప్పు. ఫొటోలు ఒకదాని మీద ఒకటి వచ్చినప్పుడు ఒక్క పంక్తి మాత్రమే మళ్లీ రాదు, దాని పైదీ కిందిదీ కూడా అదే వరుసలో వస్తాయి. కందిపప్పు పైన ఒకచోట బెల్లం, ఇంకోచోట అగ్గిపెట్టెలు ఉన్నాయి. అంటే సరుకు నిజంగానే రెండు చోట్ల ఉంది, వెనక గదిలో బస్తా, ముందు డబ్బాలో చిల్లర.

ఇక అంకెల దగ్గరికి వద్దాం. ఆ చిట్టాలో పప్పుల పంక్తులు అయిదు. కందిపప్పు ఒక బస్తా, దాని పక్కన 12, ఆ 12 వెనక రెండు నిలువు గీతలు. పెసరపప్పు 7, దాని వెనకా రెండు నిలువు గీతలు. శనగపప్పు 15. మినపపప్పు 8. రెండో ఫొటోలో మళ్లీ కంది, 4, దాని వెనక ఒక్క నిలువు గీత.

ఈ నిలువు గీతలు పాత లెక్క. ఒక గీత అంటే పావు, రెండు గీతలంటే అర, మూడు గీతలంటే ముప్పావు. రూపాయికి పదహారు అణాలున్న రోజుల్లో నాలుగు అణాలకు ఒక గీత గీసేవారు, తూకానికీ అదే నడిచింది. తెలుగు లెక్కల్లోనూ మరాఠీ లెక్కల్లోనూ ఇట్లాంటి గీతలున్నాయి. పావు, అర, ముప్పావు చూపే తెలుగు గుర్తులకు కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. మన దేశంలో మెట్రిక్ తూకాల చట్టం 1956లో వచ్చింది, తర్వాత కొద్ది ఏళ్లలో శేరు, మణుగు పోయి కిలో వచ్చింది. కానీ రాసే చెయ్యి మారలేదు. తాత రాసినట్టు కొడుకు రాశాడు, కొడుకు దగ్గర మనవడు నేర్చుకున్నాడు. ఈ తరం కామర్స్ చదివిన పిల్లలకు మాత్రం ఆ గీత ఒకటి లాగానే కనబడుతుంది.

ఇప్పుడు చూడండి. 7 వెనక రెండు గీతలను 711 అని చదివితే వెంటనే అనుమానం వస్తుంది. ఊరి దుకాణంలో ఏడు వందల కిలోల పెసరపప్పు ఎవరు పెట్టుకుంటారు? ఆ తప్పు తనంతట తానే దొరికిపోతుంది. నాలుగు వెనక ఒక గీత అట్లా కాదు. దాన్ని 41 అని చదువుతారు. 41 కిలోల కందిపప్పు దుకాణంలో ఉండదగ్గదే, అనుమానం రాదు. అంటే అర కన్నా పావే ఎక్కువ ప్రమాదం. అంకెలో పెద్ద తప్పు కంటికి కనబడుతుంది, మధ్యరకం తప్పు కనబడదు.

సరిగ్గా చదివి కూడితే ఎంత వస్తుందో చూద్దాం. కందిపప్పు బస్తా 30 కిలోలదని దుకాణం మనిషి చెప్పాడు. దానికి పన్నెండున్నర కలిపితే నలభై రెండున్నర. పెసరపప్పు ఏడున్నర కలిపితే 50. శనగపప్పు 15తో 65. మినపపప్పు 8తో 73. చిల్లర కంది నాలుగుంబావు కలిపితే 77 కిలోల పావు. ఆ చివరిదాన్ని 41గా చదివితే 114 వస్తుంది. తేడా 36 కిలోల ముప్పావు. కందిపప్పు కిలో 120 రూపాయలనుకుంటే 4,410 రూపాయల సరుకు కాగితం మీద ఉంటుంది, దుకాణంలో ఉండదు. లెక్కలో పప్పు బాగానే ఉంది కదా అని గంజ్‌లో కొనడు. పది రోజులకు డబ్బా ఖాళీ అయ్యి, పప్పు కోసం వచ్చిన గిరాకీ పక్క దుకాణానికి పోతుంది.

మరి ఆ గీత పావో ఒకటో ఫొటో చూసి ఎట్లా తెలుసుకోవాలి? మూడు చోట్ల చూడాలి. మొదటిది, రాసిన మనిషి ఒకటిని మామూలుగా ఎట్లా రాస్తాడో చూడాలి. చిట్టా పైన తేదీ ఉంటుంది, 15 అనో 11 అనో. ఆ ఒకటికి పైన చిన్న ముక్కు ఉంటే, సరుకు వెనక ముక్కు లేకుండా ఉన్న గీత ఒకటి కాకపోవచ్చు. రెండోది, గీత ఎత్తు. అంకె తర్వాత పావు గీసేవాళ్లు దాన్ని కొంచెం పొడుగ్గానో, కొంచెం దూరంగానో, కొందరు ఏటవాలుగానో గీస్తారు. మూడోది, చిట్టా అంతటా వెతకాలి. ఒకే ఒక్క సరుకు దగ్గరైనా రెండో మూడో గీతలు పక్కపక్కన కనబడితే, ఆ మనిషి పావుల్లో రాసే మనిషని అర్థం. అప్పుడు అంకె వెనక ఒంటరిగా ఉన్న గీతలన్నిటి పక్కనా ప్రశ్న గుర్తు పెట్టుకోవాలి. తర్వాత ఫోన్ చేసి అడగడమే.

“కాకా, ఈ చిల్లర కంది కాడ గీసింది పావా, ఒకటా?”

“గది పావు బిడ్డా. నలపై కిలోలు గా చిన్న డబ్బల ఎట్ల పడ్తయి?”

చూశారా, ఆయనకు ఆ డబ్బా కళ్ల ముందే ఉంది. మనకు లేదు. దూరాన కూర్చుని ఫొటో మాత్రమే చూసేవాడికి ఉన్న లోటు అదే. అందుకే ఎత్తి రాసిన పట్టికలో ఒక గడి “ఎక్కడ ఉంది” అన్నదానికి ఇస్తే మంచిది. అర, గది, డబ్బా, గోనె, ఏదైనా సరే. డబ్బా అని ఉన్నచోట 41 కిలోలు చూస్తే రాసేవాడికే అనుమానం రావాలి.

గీతలు వాడని వాళ్లు చుక్క పెడతారు, 2.5 అని. అది కూడా అంత భద్రం కాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిన్నదవుతుంది, సన్న చుక్క మాయమై 25 అవుతుంది. ఫొటోను డాక్యుమెంట్‌గా జత చేసి పంపితే ఉన్నది ఉన్నట్టే వస్తుంది. ఇంకోటి, నోటుబుక్కు కాగితం పలచగా ఉంటే వెనక పేజీ సిరా ముందుకు కనబడి లేని చుక్కలను పుట్టిస్తుంది. పేజీ కింద ఒక తెల్ల అట్ట పెట్టి, పగటి వెలుతురులో, పైనుంచి నిటారుగా, నాలుగు మూలలూ పడేలా తీస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఆదిలాబాద్ వైపు పోతే ఇంకో చిక్కు ఉంది. ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనథ్ వైపు దుకాణాల్లో తెలుగు, మరాఠీ, హిందీ మూడూ నడుస్తాయి. అవతల యవత్మాల్, చంద్రపూర్, నాందేడ్ జిల్లాలు. పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర వస్తుంది కాబట్టి ఆ చుట్టుపక్కల దుకాణాల్లో సరుకు ముందే దించుకుంటారు. ఆ చిట్టా మరాఠీ చదివిన చేతితో దేవనాగరి అంకెల్లో ఉండవచ్చు. దేవనాగరి ఒకటి మన కంటికి తొమ్మిదిలా ఉంటుంది. దేవనాగరి నాలుగు, పైభాగం మూయని ఎనిమిదిలా ఉంటుంది. ఒక డబ్బా తొమ్మిది డబ్బాలవుతుంది. పాత ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు రాసిన ఖాతాలు కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి. అందులో అయిదు గుండ్రంగా సున్నాలా కనబడుతుంది, సున్నా ఏమో ఒక్క చుక్క.

దీనికి విరుగుడు కూడా తేదీలోనే ఉంది. ఏ కాగితంలోనైనా మనకు ముందే తెలిసిన అంకెలు కొన్ని ఉంటాయి. తేదీ, సంవత్సరం, పేజీ నంబరు, పది రూపాయల బిస్కెట్ అని ధరతో రాసిన పేరు. వాటి నుంచి ఆ మనిషి సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ అంకెను ఎట్లా రాస్తాడో ఒక చిన్న చీటీ మీద దించుకోవాలి. ఆ చీటీ పక్కన పెట్టుకున్నాకే చిట్టా చదవడం మొదలుపెట్టాలి. అంకెలే కాదు, పేర్లు కూడా అట్లాగే మోసం చేస్తాయి. మరాఠీలో మీఠ్ అంటే ఉప్పు. హిందీ మాత్రమే తెలిసినవాడు దాన్ని మిఠాయి గడిలో వేసేస్తాడు. మన తెలుగులోనూ “ప.” అని ఒక్క అక్షరం రాసి వదిలేస్తారు. అది పప్పో, పసుపో, ప్యాకెట్టో. “డ” అంటే ఒకచోట డజను, ఇంకోచోట డబ్బా. కొబ్బరికాయలు 4 డ అంటే 48 అనుకోవచ్చు, నెయ్యి 4 డ అంటే అట్లా అనుకోలేం.

ఇప్పుడు కొలతలు. బస్తా అన్నది కొలత కాదు, సంచి. అందులో ఎంత పడుతుందో సరుకును బట్టీ మిల్లును బట్టీ మారుతుంది. బియ్యం సంగతే తీసుకోండి. 2022 జులై 18 నుంచి పేరు ముద్రించి ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే దాని మీద 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటితే లేదు. అప్పటినుంచి మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు రావడం మొదలైంది. మన చిట్టాలో సన్నబియ్యం 6 బస్తాలు అని ఉంది. 26 లెక్కన 156 కిలోలు, 25 లెక్కన 150. పాత అలవాటుతో 50 వేసుకుంటే 300. ఒకే దుకాణంలో రెండు రకాల బస్తాలు కూడా ఉండవచ్చు. కాబట్టి బస్తా అన్న ప్రతిచోటా పక్కన కిలోలు రాయించుకోవాలి. చిట్టాలో లేకపోతే సంచి మీది ముద్రను ఫొటో తీసి పంపమంటే చాలు.

నూనె దగ్గర కిలో, లీటరు కలిసిపోతాయి. పల్లి నూనె డబ్బా 15 కిలోలది ఒకటి ఉందనుకుందాం. పామాయిల్ లీటరు ప్యాకెట్లు 29 ఉన్నాయి. రెంటినీ కలిపి 44 అని రాస్తే ఆ 44కు పేరు లేదు, కిలోలూ కాదు లీటర్లూ కాదు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. 29 లీటర్లంటే 26 కిలోల 390 గ్రాములు, డబ్బాతో కలిపి 41 కిలోల 390 గ్రాములు. డబ్బా కూడా కొన్నిటి మీద 15 కిలోలని, కొన్నిటి మీద 15 లీటర్లని ఉంటుంది. లీటర్ల డబ్బా అయితే అందులో ఉన్నది పదమూడు కిలోల ఆరువందల యాభై గ్రాములే. ఈమధ్య కొన్ని ప్యాకెట్లలో లీటరు కన్నా తక్కువే వస్తోంది, పరిమాణం మాత్రం అదే అనిపిస్తుంది. అందుకే ప్యాకెట్ మీద ముద్రించిన గ్రాములనే పట్టుకోవాలి.

అసలు కలపాలా అన్నది ఇంకో ప్రశ్న. గంజ్‌లో కొనడానికైతే పల్లి నూనె వేరు, పామాయిల్ వేరు అని ఉంటేనే పనికొస్తుంది. 41 కిలోల నూనె ఉందన్న మాటతో ఏం కొంటాడు? కారం కూడా అంతే. విడి కారం 5 కిలోలు, వంద గ్రాముల ప్యాకెట్లు 24, కలిపితే 7 కిలోల 400 గ్రాములు. మొత్తం సరుకు విలువ కట్టడానికి ఆ కూడిక సరిపోతుంది. ప్యాకెట్లు ఎన్ని తెప్పించాలో తెలుసుకోవడానికి మాత్రం 24 అన్న అంకె విడిగా ఉండాలి. అందుకని కొలతలు మార్చినప్పుడు పాత అంకెను చెరపకుండా, కొత్తది ఇంకో గడిలో రాయాలని నేను పట్టుబడతాను. చెరిపేసినవాళ్లు రెండోసారి ఫొటో వెతుక్కోవాల్సి వస్తుంది.

సబ్బుల దగ్గర ఇంకో రకం పొరపాటు. ఒంటి సబ్బులు రెండు పెట్టెలు, విడిగా 7 ఉన్నాయి. పెట్టెకు 48 లెక్కన 103. బట్టల సబ్బులు మూడు పెట్టెలు, పెట్టెకు 30 లెక్కన 90. షాంపూ ప్యాకెట్లు గొలుసులా వేలాడేవి 9 వరుసలు, వరుసకు 16 చొప్పున 144. అన్నీ ముక్కల లెక్కే కదా అని కలిపితే 337. కొలత ఒకటే అయినా ఈ కూడికకు అర్థం లేదు. రెండు రూపాయల షాంపూ ప్యాకెట్టూ, నలభై రూపాయల సబ్బూ ఒకే లెక్కలో కలిసి, ఏది తక్కువుందో తెలియకుండా పోయింది.

పైగా ఒంటి సబ్బునూ బట్టల సబ్బునూ విడదీయడానికి ఇప్పుడు ఇంకో కారణం కూడా ఉంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు ఒంటి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తల నూనె 18 శాతం నుంచి 5కు దిగాయి. బట్టల సబ్బులు, బట్టలుతికే పౌడర్లు 18లోనే ఉన్నాయి. ఒకే అరలో పక్కపక్కన ఉన్న వాటికి రెండు రేట్లు. కాబట్టి మామూలు జీఎస్టీ బిల్లు వేసే దుకాణానికి “సబ్బులు” అన్న ఒక్క గడి చాలదు. జీఎస్టీ నమోదే లేని చిన్న దుకాణానికి ఈ విభజన అక్కర్లేదు, ఆ మనిషికి అరల వారీగా చాలు. సరుకును ఏ రకాలుగా విడదీయాలో సరుకు చెప్పదు, ఆ లెక్క ఎవరికి పోతుందో అది చెబుతుంది. అందుకే చిట్టా చేతికి రాగానే ఈ లెక్క గంజ్‌కా, ఆడిటర్‌కా, అన్నదమ్ముల పంపకానికా అని అడగాలి. నా మటుకు, అడగకుండా మొదలుపెట్టే మనిషికి ఈ పని ఇవ్వను.

ఇంతవరకు వచ్చాక రకాల గడి నింపడం మొదలుపెట్టవచ్చు. మన దుకాణానికి బియ్యం, పిండి, రవ్వలాంటివి ఒకటి, పప్పులు, మసాలా దినుసులు, నూనెలు, సబ్బులూ షాంపూలూ, బీడీ సిగరెట్లు, మిగతావి అని ఏడు పెట్టుకున్నాం. మిగతావి అన్న గడి చిన్నగా ఉండాలి. అందులో ఐదారు పంక్తులు చేరితే ఏదో ఒక రకాన్ని మనం మరిచిపోయామని గుర్తు. చక్కెర, బెల్లం, చాయ్‌పత్తి ఎటు పోవాలన్నది ప్రతి దుకాణంలోనూ ఒక తగువే. దుకాణం మనిషి వాటిని ఏ అరలో పెడతాడో ఆ రకంలోనే వేయండి, మళ్లీ లెక్క చూసుకునేటప్పుడు ఆయన వెతికేది అక్కడే.

ఖాళీగా వదిలిన పంక్తిని సున్నా అనుకోకూడదు. పేరు రాసి అంకె రాయలేదంటే లెక్కించడం మరిచిపోయి ఉండవచ్చు. అడ్డగీత గీస్తే లేదని అర్థం కావచ్చు, పై పంక్తిలోదే ఇక్కడా అని కూడా కావచ్చు. అట్లాంటివన్నీ ఏ రకంలోనూ వేయకుండా పక్కన “అడగాల్సినవి” అని పెట్టుకుని, ఒకే ఫోన్‌లో అన్నీ అడిగేయాలి. ఒక్కోదానికి ఒక్కోసారి ఫోన్ చేస్తే గిరాకీ మధ్యలో ఆయన ఏదో ఒకటి చెప్పేస్తాడు.

చివరి సరిచూపుకు మొదట్లో రాసిపెట్టుకున్న 31 అక్కరకొస్తుంది. ఒక్కో రకంలో ఎన్ని పంక్తులు పడ్డాయో లెక్కపెట్టండి. మన చిట్టాలో బియ్యం పిండి రకం 5, పప్పులు 5, మసాలాలు 8, నూనెలు 3, సబ్బులు షాంపూలు 6, బీడీ సిగరెట్లు 2, మిగతావి 2. కూడితే 31. ఇది 30 వస్తే ఏదో పంక్తి జారిపోయింది, 32 వస్తే ఏదో రెండుసార్లు పడింది. పంక్తులు సరిపోయాక కిలోల సంగతి చూడాలి. విడదీయకముందు చిట్టాలోని కిలోల పంక్తులన్నీ ఒకసారి కూడండి, విడదీశాక ఏడు రకాల కిలోల మొత్తాలనూ ఇంకోసారి కూడండి. రెండూ ఒక్కటే రావాలి. బియ్యమూ జీలకర్రా కలిసిన ఆ మొత్తాన్ని ఎవరికీ పంపొద్దు, అది లెక్క సరిచూసుకోవడానికే. అయితే ఈ రెండు సరిచూపులూ పావును ఒకటిగా చదివిన తప్పును పట్టలేవు. 41 అని తప్పు చదివితే రెండు వైపులా 41 గానే కూడుతుంది, లెక్క చక్కగా సరిపోతుంది. ఆ తప్పును పట్టేది దుకాణం మనిషి ఒక్కడే. అందుకే పూర్తయిన పట్టికను ఆయనకు పంపకుండా ఫోన్‌లో చదివి వినిపించాలి. చిల్లర కంది, డబ్బా, నలభై ఒకటి అనగానే ఆయనే ఆపుతాడు.

వచ్చేసారి చిట్టా కోసం చేయదగ్గ పని ఒకటుంది. ఆ ఇంటి పెద్దాయనను గీతలు మానుకొమ్మని చెప్పి ప్రయోజనం లేదు, డెబ్బై ఏళ్ల చెయ్యి మారదు. నోటుబుక్కు పేజీ మీద స్కేలుతో మూడు నిలువు గడులు గీసి ఇవ్వండి. మొదటిది బస్తాలకూ పెట్టెలకూ, రెండోది కిలోలకూ విడి లెక్కకూ, మూడోది సన్నగా, పావు గీతల కోసం మాత్రమే. పైన ఒక్కో గడికి పేరు రాయండి, బస్తా గడి పక్కన కిలోలెన్నో రాయడానికి కొంచెం చోటు వదలండి. ఆయన తన గీతలు తాను గీస్తాడు. మూడో గడిలో పడ్డ గీతను ఎవరూ ఒకటి అని చదవరు.